కుంకుమ పెట్టుకుంటే నుదురు కాలదా? పుట్టుకతో చూపు లేని పాపకు రంగులు చెప్పిన కేసు

నేపథ్యం

ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ. ఈ వైపు ఊళ్లలో చూపు లేని పిల్లల ఇళ్లకు వెళ్లి బ్రెయిలీ, చేతికర్రతో నడక, ఇంటి పనులు నేర్పడం నా ఉద్యోగం. ఇక్కడ రాస్తున్నది ఒక పాప సంగతి. ఎవరో గుర్తుపట్టకుండా వయసు, ఇంటి వివరాలు, చుట్టరికాలు కొన్ని మార్చాను. జరిగిన పని మాత్రం మార్చలేదు.

పాపకు పదకొండేళ్లు. పుట్టినప్పటి నుంచి రెండు కళ్లకూ చూపు లేదు. చురుకైన పిల్ల. బ్రెయిలీ బాగా చదువుతుంది, ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో వాసనతో చెప్పేస్తుంది. ఇంట్లో అమ్మ, నాన్న, నాన్నమ్మ, ఒక అన్న. పెద్దమ్మ కూతురికి పెళ్లి కుదిరింది. పాప ఆమెను అప్ప అని పిలుస్తుంది. పెళ్లికి పాపకి కొత్త పరికిణీ కుట్టించారు.

సమస్య

ఆ పరికిణీ వేసుకోనని పాప మొండికేసింది. గుచ్చుకుంటోందేమోనని అమ్మ లోపల అస్తరు వేయించింది. అయినా ఒప్పుకోలేదు. గట్టిగా అడిగితే, "అది ఎరుపంట కదా, నాకొద్దు" అంది. నాతో మాట్లాడినప్పుడు అసలు విషయం బయటపడింది.

"మేడంగారూ, కుంకుమ ఎరుపే కదండీ? మరి అమ్మ రోజూ పెట్టుకుంటాది. నుదురు కాలదా?"

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే, అంతకుముందు ఎవరో మంచి మనసుతోనే ఆమెకు రంగులు నేర్పారని తెలిసింది. వేడి టీ గ్లాసు చేతికిచ్చి ఇది ఎరుపు అన్నారు. తడిగుడ్డ ఇచ్చి ఇది నీలం, ఆకు ఇచ్చి ఇది ఆకుపచ్చ, దూది ఇచ్చి ఇది తెలుపు అన్నారు. రంగును చూపు లేనివాళ్లకు ఎలా చెప్పాలని ఎవరిని అడిగినా మొదట చెప్పే పద్ధతి ఇదే. వినేవాళ్లకు అందంగా కూడా ఉంటుంది. పాప మాత్రం దాన్ని అందమైన పోలికగా తీసుకోలేదు, చెప్పింది చెప్పినట్టే నమ్మింది. ఆమె లెక్కలో జ్వరం వచ్చిన ఒళ్లు ఎరుపు, ఇస్త్రీ పెట్టె ఎరుపు, కొత్త పరికిణీ కూడా ఎప్పుడో ఒకప్పుడు కాలుతుంది.

మొదట చూసుకున్నవి

రంగుల జోలికి వెళ్లేముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఒకటి, వెలుతురు తెలుస్తుందా లేదా. చూపు లేదని కాగితం మీద ఉన్న పిల్లల్లో కొందరికి కిటికీ ఎటు ఉందో, దీపం వెలిగిందో లేదో తెలుస్తుంది. అలాంటి పిల్లలకు వెలుగు, చీకటి అన్నవి సొంత అనుభవం, కాబట్టి పని అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. ఈ పాప వైద్యుల కాగితంలో రెండు కళ్లకూ వెలుతురు కూడా తెలియదని ఉంది. తలుపులు మూసి, చప్పుడు, వేడి తగలకుండా చిన్న టార్చి అటూ ఇటూ వేసి చూశాను. ఆమె చెప్పినవి ఊహలే తప్ప ఒకదానికొకటి పొంతన లేదు. కాబట్టి ఆ దారి లేదు.

రెండోది, రంగుల గురించి ఆమెకు ఇప్పటికే ఏం తెలుసు. ఇది చాలామంది అడగరు. ఏమీ తెలియదని అనుకుని మొదలుపెడతారు. అడిగితే బొగ్గు నలుపు, పాలు తెలుపు, పసుపుకొమ్ము పసుపు, రక్తం ఎరుపు, కాకి కర్రి అని గడగడా చెప్పింది. పదకొండేళ్లుగా చుట్టూ జనం మాట్లాడుకుంటుంటే వింటోంది కదా. అంటే ఆమెకు సమాచారం కొరత లేదు. రంగు అనేది ఎలాంటి సంగతి, వస్తువులో అది ఏ చోట ఉంటుంది అన్నదే తేడాగా పడింది.

దాన్ని నిర్ధారించుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒకటుంది. "చల్లగా ఉండే ఎర్ర వస్తువు ఏదైనా ఉంటుందా?" పోలికను పోలికగా తీసుకున్న పిల్లలు కాసేపు ఆలోచించి ఎర్ర ఐస్ అనో, ఎర్ర సోడా అనో అంటారు. ఈ పాప వెంటనే, "ఉండదండి. సల్లారిపోతే ఎరుపు పోద్ది కదా" అంది. తడిగుడ్డ ఎండబెడితే నీలం పోతుందా అంటే, పోతుంది అంది. ఇక సందేహం లేదు. ఆమె దృష్టిలో ఎరుపు అంటే వేడికి ఇంకో పేరు.

పనిచేయనివి

నేను వెళ్లేలోపే ఇంట్లోవాళ్లు ఒక దిద్దుబాటు మొదలుపెట్టారు. వేడితో చెప్పినందుకే భయపడింది, పళ్లతో చెబుదాం అనుకున్నారు. పుల్లమామిడి ముక్క పెట్టి ఇది ఆకుపచ్చ, పండిన మామిడి పెట్టి ఇది పసుపు, టమాటా పెట్టి ఇది ఎరుపు, నేరేడుపండు పెట్టి ఇది ఊదా అన్నారు. పాపకి ఇష్టంగానే ఉంది, తినే పాఠం కదా. భయం కొంచెం తగ్గింది కూడా. అందుకే ఆపమనలేదు, ఎటు పోతుందో చూద్దామనుకున్నాను. కొద్ది రోజులకే జామకాయ కొరికి, తియ్యగా ఉంది కాబట్టి ఇది పసుపు అంది. పచ్చి అరటికాయ పుల్లగా లేదు కాబట్టి అది ఆకుపచ్చ కాదంది. మిరపకాయ దగ్గర పూర్తిగా చిక్కుబడిపోయింది. పచ్చిమిరప, పండుమిరప రెండూ మండుతాయి, రెంటికీ రంగు వేరంటారు, ఎలా? వేడి తీసేసి ఆ చోటే రుచిని కూర్చోబెట్టినట్టయింది. తప్పు అదే, సరుకు మారింది.

మూడోది భావాలతో చెప్పడం. దీన్ని నేనే ఆలోచించి మొదలుపెట్టాను, ఎందుకంటే భావానికి రుచీ వేడీ లేవు, వస్తువుకి అంటుకోదు అనుకున్నాను. ఎరుపు కోపంలాంటిది, తెలుపు ప్రశాంతంగా ఉన్నప్పటిలాంటిది అంటూ వెళుతుంటే పక్కన కూర్చున్న నాన్నమ్మ ఊరుకోలేదు. "పెళ్లికూతురికి ఎర్రంచు మధుపర్కాలు కడతారు కదమ్మా, దానికేటి కోపం? తెలుపేటి ప్రశాంతం? మొగుడు పోయినాక మాకు ముందు కట్టబెట్టింది తెల్లసీరే కదా." ఆ మాటకి బదులు చెప్పడానికేం లేదు. ఒకే తెలుపు పెళ్లిపీటల మీద మధుపర్కంగానూ వచ్చింది, వైధవ్యంలోనూ వచ్చింది. రంగులో భావం ఉంటే ఈ రెండూ కుదరవు. పాప కూడా పట్టేసింది: "అయితే తెలుపు మంచిదా, చెడ్డదా?"

ఇక్కడ ఆగి ఆలోచించాను. వేడి, పండు, భావం మూడూ ఒకే చోట విఫలమయ్యాయి. మూడింటినీ "ఎరుపు అంటే ఇది" అన్న వాక్యంలో పెట్టడమే కారణం. ఈ ఇబ్బంది పాతదే. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ ఒక అంధుడి గురించి రాశాడు. అతను రంగుల గురించి చాలా శ్రమపడి ఆలోచించి, చివరికి చిక్కటి ఎరుపు బాకా మోతలాంటిదని తేల్చాడట. లాక్ ఆ కథతో చెప్పదలచుకున్నది, మాటలతో రంగు అందదని. ఆ చివరి మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. ఎరుపు చూస్తే కలిగే అనుభవం మాటల్లో అందదు, నిజమే. కాని రంగు గురించి మనకు తెలిసినదంతా ఆ అనుభవమే కాదు. ఏ వస్తువులు ఒకే రంగు, ఏ రంగు దేనికి దగ్గర, అది మారితే ఏం అర్థం, దాన్ని చూసి జనం ఏమంటారు, ఇవన్నీ మాటల్లోనే తిరుగుతాయి, చూపున్నవాళ్లకి కూడా. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో మరీనా బెడ్నీ బృందం 2021లో ప్రచురించిన పరిశోధనలో పుట్టుకతో చూపు లేని పెద్దవాళ్లు ఇలాంటి విషయాల్లో చూపున్నవాళ్లలాగే ఆలోచించారు. ఒక జాతి పండ్లన్నీ సాధారణంగా ఒకే రంగులో ఉంటాయని, కార్లు మాత్రం ఏ రంగులోనైనా ఉండొచ్చని, అలా ఎందుకో కూడా చెప్పగలిగారు. ఫలానా వస్తువు ఫలానా రంగు అన్న విడి సమాచారంలోనే తేడాలు ఎక్కువగా వచ్చాయి.

కాబట్టి పోలికలను పారేయక్కర్లేదు అనుకున్నాను. వేడికి ఒక పని, పండుకి ఒక పని, భావానికి ఒక పని అప్పజెప్పి, ఏదీ రంగు స్థానంలో కూర్చోకుండా చూడాలి. దానికంటే ముందు, తలలో గట్టిపడిపోయిన "ఎరుపు అంటే వేడి" కట్టు విప్పాలి.

కట్టు విప్పిన రెండు పరీక్షలు

"అది తప్పమ్మా" అని చెబితే పాప వింటుంది, ఇంకొకరు చెప్పినట్టే ఇదీ ఒకటి అనుకుంటుంది. తన చేతులతోనే తేలాలి.

మొదటిది జీడిమామిడి పళ్లతో. వేసవి, ఈ వైపు తోటల్లో దొరికే కాలం. ఆ పండు ఎరుపులో ఉంటుంది, పసుపులోనూ ఉంటుంది. రెండు రంగులవీ ఒకే పరిమాణంలో ఉన్నవి ఏరి, కడిగి, గింజలు ముందే తీసేసి తెమ్మన్నాను. గింజ తొక్కలోని జీడి చర్మాన్ని పొక్కిస్తుంది, చేతులతో తడిమే పిల్లలు ఉన్నచోట ఇది మరవకూడదు. పాపకి ఒక్కో ముక్క పెట్టి రంగు చెప్పమన్నాను. చెప్పలేకపోయింది, ముఖం ముడుచుకుంది. ఎప్పుడూ తనకే తెలియదన్న బాధ అది. అప్పుడు అన్నని కళ్లు మూసుకోమని అవే ముక్కలు పెట్టాం. వాడు మొదటిది పసుపన్నాడు, కాదు. రెండోది గట్టిగా నమ్మకంతో ఎరుపన్నాడు, అదీ కాదు. వాసన చూస్తానన్నాడు, చేత్తో రుద్దుతానన్నాడు, ఏం చేసినా తేలలేదు.

పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కళ్లు మూసుకుంటే అన్నకి కూడా తెలీదా?" అని అడిగింది. ఈ ప్రశ్న కోసమే ఆ పళ్లు తెప్పించింది. అప్పటిదాకా ఆమె అనుకున్నది ఏమిటంటే, అందరూ నాలుకతోనూ చేతులతోనూ రంగు తెలుసుకుంటున్నారు, తనకే ఆ నేర్పు రాలేదు అని. రంగు రుచిలో లేదు, మెత్తదనంలో లేదు, వాసనలో లేదు. కంటికి వేరే దారిలో అందే సమాచారం. కళ్లు మూసుకుంటే ఎవరికైనా ఆ దారి మూతపడుతుంది. ఇది తెలిశాక ఆమె ప్రశ్నల తీరే మారింది. "ఇది ఏ రంగులా అనిపిస్తోంది" అని తనని తాను పరీక్షించుకోవడం మానేసి, "ఇది ఏ రంగు" అని పక్కవాళ్లని అడగడం మొదలుపెట్టింది.

రెండో పరీక్ష ఎండలో. దీనిలో వేడికి, రంగుకి నిజంగా ఉన్న సంబంధం ఎంతో, అంతే చూపించాలి. ఒకే తానులోంచి తీసుకున్నట్టుండే రెండు నూలుగుడ్డలు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. మందం ఒకటే ఉండాలి, రెండూ పూర్తిగా ఆరి ఉండాలి, ఒకే చెక్కపలక మీద పక్కపక్కన పరవాలి. గుడ్డల్లో ఒకటి చెమ్మగా ఉన్నా, ఒకటి బండమీద, ఒకటి చాపమీద ఉన్నా ఫలితం పాడవుతుంది. మధ్యాహ్నపు ఎండలో ఓ అరగంట ఉంచి, మణికట్టు లోపలి వైపుతో తాకమన్నాను. అరచేతి కంటే అక్కడ వేడి తేడా బాగా తెలుస్తుంది. నలుపు బాగా వేడిగా, తెలుపు తక్కువ వేడిగా ఉంది. నల్లగుడ్డ మీద పడిన వెలుతురును ఎక్కువగా లోపలికి తీసుకుంటుంది, తెల్లగుడ్డ ఎక్కువభాగం వెనక్కి కొట్టేస్తుంది, అందుకే ఆ తేడా.

ఇక్కడితో ఆపేస్తే ప్రమాదం. "నలుపంటే వేడి" అని కొత్త ముడి పడిపోతుంది. అందుకే గుడ్డలు రెంటినీ నీడలోకి తెచ్చి, చల్లారాక మళ్లీ తాకించాను. రెండూ ఒకటే చల్లగా ఉన్నాయి. "ఇప్పుడు వీటి రంగు ఏంటి?" అని అన్నని అడగమన్నాను. నలుపు నలుపుగానే, తెలుపు తెలుపుగానే ఉన్నాయి. వేడి వచ్చి పోయింది, రంగు పోలేదు. పాప రెండు గుడ్డల్నీ మళ్లీ మళ్లీ తాకి చూసింది. నా మాట కంటే ఈ నీడలో తాకడమే పని చేసింది.

ఉత్సాహం కొద్దీ ఎర్ర, ఆకుపచ్చ గుడ్డలతో కూడా చేద్దామని అన్న అన్నాడు. చేయించలేదు. ఎండలో చేతికి తెలిసే తేడా ముఖ్యంగా ముదురు, లేతల మధ్య ఉంటుంది. రెండు వేరు రంగుల మధ్య తేడా వేసిన అద్దకాన్ని బట్టి ఎటైనా పోవచ్చు, చేతికి అందకనూ పోవచ్చు. ఎరుపు వేడి, నీలం చల్లన అనేది చిత్రకారుల మాటవరస మాత్రమే. గ్యాసు పొయ్యి మీద నీలిమంట పసుపుమంట కంటే వేడిది. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, ఇంకా కాలితే పసుపుకి, ఆపైన తెలుపుకి తిరుగుతుంది. నిజంగా వేడినే కొలబద్దగా పెట్టుకుంటే ఎరుపు కింది మెట్టు అవుతుంది.

పోలికలకు కొత్త పనులు

వేడికి అప్పజెప్పిన పని "ఎంత" అన్నది. ఐదు స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోశాం. కుండనీళ్ల నుంచి మొదలై, ఒక్కోదాంట్లో కొంచెం కొంచెం వేడినీళ్లు ఎక్కువ కలుపుతూ, చివరిది స్నానానికి పోసుకునేంత వేడి. అంతకు మించకూడదు, ఈ పాప విషయంలో అసలే భయం ఉంది. గ్లాసులు కలిపేసి ఇస్తే ఆమె వరసగా పేర్చింది. పక్కపక్క గ్లాసుల మధ్య తేడా చిన్నది, మొదటిదానికీ చివరిదానికీ మధ్య పెద్దది. ఇప్పుడు, "తెలుపు నుంచి ఎరుపు దాకా ఇలాగే మెట్లుంటాయి. మొదటిది దాదాపు తెలుపు, తర్వాత లేత గులాబి, గులాబి, ఎరుపు, చివరిది ముదురెరుపు" అన్నాను.

కీలకం ఆ తర్వాతి పని. అవే గ్లాసులు, అదే వరస, వెంటనే నీలానికి వాడాను. లేత నీలం, ఆకాశనీలం, అలా ముదురు నీలం దాకా. పాప అభ్యంతరం చెప్పింది: "చివరి గ్లాసు ఎరుపు కదండీ?" కాదు, చివరి గ్లాసు ముదురు. ఏ రంగులోనైనా ముదురు. మరుసటిసారి వరస తిరగేశాం, చల్లనిది ముదురు, వేడిది లేత. ఇలా ఒకే పోలికని కావాలని వేరు వేరు రంగులకీ, అటూ ఇటూ వాడితే అది ఏ ఒక్క రంగుకీ అతుక్కోదు. అప్పుడే ఆమె చీరల గురించి మాట్లాడుకునే మాటల్లో ఉన్న "లేత", "ముదురు", "ఇంకొంచెం తేలిక" అన్నవి తిన్నగా అర్థం చేసుకుంది. బట్టల కొట్లో అమ్మా పెద్దమ్మా ఎందుకంతసేపు వాదించుకుంటారో ఇప్పుడు తెలిసిందంది.

పళ్లకు అప్పజెప్పిన పని "మారడం". ఒకే గెలలోంచి అరటిపళ్లు వేరు వేరు దశల్లో తెచ్చాం. పచ్చికాయ గట్టిగా, తొక్క బిగువుగా ఉంటుంది. దోరగా మారేది కొంచెం వంగుతుంది. పండు మెత్తగా, వాసనతో ఉంటుంది. మాగిపోయినది తొక్క పల్చబడి, అక్కడక్కడ జావలా అయిపోతుంది. పాప తాకి వరస చెప్పింది, అన్న ఆ వరసకి రంగులు చెప్పాడు. ఆకుపచ్చ, పసుపు కలిసిన ఆకుపచ్చ, పసుపు, గోధుమ మచ్చలున్న పసుపు, నలుపు. ఇక్కడ ఆమెకు నచ్చినది ఏమిటంటే, తను చేతితో కనిపెట్టిన సంగతినే అన్న దూరం నుంచి కంటితో కనిపెడుతున్నాడు. ఇద్దరికీ అందింది ఒకటే కబురు, పండింది అని. రంగు దాన్ని మోసుకొచ్చే ఒక గుర్తు.

ఆ గుర్తు తప్పే చోట్లు కూడా వెంటనే చూపించాలి, లేకపోతే ఆకుపచ్చ అంటే పచ్చిదని మళ్లీ కూర్చుంటుంది. సీతాఫలం, కొన్ని రకాల జామ పండినా పైకి ఆకుపచ్చగానే కనిపిస్తాయి. మామిడిలో కొన్ని రకాలు పండినా తొక్క పచ్చగానే ఉంటుంది, అప్పుడు చూపున్నవాళ్లూ నొక్కి, వాసన చూసి తెలుసుకోవాల్సిందే. పుచ్చకాయ పైన ఆకుపచ్చ, లోపల ఎరుపు. పాపకి ఈ చివరిది బాగా తమాషాగా అనిపించింది. వస్తువుకి పైన ఒక రంగు, లోపల ఒకటి ఉండొచ్చని, మూసి ఉన్నదాని లోపలి రంగు ఎవరికీ కనిపించదని అప్పటిదాకా అనుకోలేదు.

భావాలకు అప్పజెప్పిన పని "జనం ఏమంటారు" అన్నది. నాన్నమ్మ అభ్యంతరాన్నే పాఠం చేశాను. ఎరుపు కోపంలాంటిది అనడం మానేసి, "కోపమొస్తే కళ్లెర్రజేశాడంటారు, పెళ్లిలో ఎరుపు శుభమంటారు, రోడ్డు మీద ఎర్రదీపం ఆగమంటుంది" అని, ప్రతి వాక్యం చివర "అంటారు" ఉండేలా చెప్పాం. ఎవరు, ఎప్పుడు అంటారన్నది కూడా పక్కన చెప్పాం. నాన్నమ్మ ఇందులో నాకంటే మంచి గురువు. తెల్లబోయాడు, ముఖం నల్లబడింది, కాపురం పచ్చగా ఉంది, ఇలా రోజూ కొన్ని తెచ్చేది.

ఒక్కచోట మాత్రం భావం, వేడి, ఎరుపు మూడూ నిజంగానే కలుస్తాయి. సిగ్గుపడినా కోపమొచ్చినా ముఖం చర్మంలోకి రక్తం ఎక్కువగా వస్తుంది, చెంపలు వెచ్చబడతాయి, తెల్లటి ఒంటివాళ్లలో అది ఎర్రగా కనిపిస్తుంది, చామనఛాయ ముదిరేకొద్దీ కంటికి తెలియడం తగ్గుతుంది. పాపని పరుగెత్తించి తన చెంపలే తాకమన్నాను. దీన్ని చివర్లో పెట్టడానికి కారణముంది. మొదట్లోనే చెప్పి ఉంటే "ఎరుపంటే వేడి" అన్న పాత నమ్మకానికి సాక్ష్యమైపోయేది. ఇప్పుడు ఆమె తనంతట తానే, "ఇక్కడ రెండూ కలిసొచ్చాయి గాని, రెండూ ఒకటి కాదు కదండీ" అంది.

ఫలితం

నిర్ధారణకి అదే పాత ప్రశ్న మళ్లీ వేశాను, చల్లటి ఎర్ర వస్తువు ఉంటుందా అని. ఐస్, కుంకుమ, గాజులు, టమాటా అని చెప్పి, "పరికిణీ" అని తనే కలిపింది. కాని నేర్పిన ఉదాహరణల్నే తిరిగి చెప్పడం సరిపోదు. మేమెప్పుడూ మాట్లాడని వస్తువులతో అడగాలి. "కొత్త రకం పండు ఒకటి తెచ్చాను. ఒకటి లేత నారింజ రంగులో ఉంది. అదే బుట్టలో మిగతావి ఏ రంగు ఉండొచ్చు?" దాదాపు అదే, పచ్చివి ఉంటే వేరే, అంది. "బుట్టలో నాలుగు ప్లాస్టిక్ మగ్గులున్నాయి, ఒకటి నారింజ రంగు. మిగతావి?" అంటే, "ఎలాగైనా ఉంటాయండి, కంపెనీవాడి ఇష్టం" అంది. ఆ రెండు జవాబుల మధ్య తేడా చూశాకే పని కుదిరిందని నమ్మాను.

పెళ్లికి పరికిణీ వేసుకుంది. దానితో ఏ జాకెట్టు, ఏ గాజులు అన్నది అప్పని, అమ్మని, ఒక స్నేహితురాలిని విడివిడిగా అడిగింది. ముగ్గురూ ఒకటే చెప్పలేదు. ఇద్దరి మాట కలిసిన ఆకుపచ్చ గాజులు తీసుకుంది. ఆ తర్వాత బట్టల లోపలి అంచున దారంతో ముడులు వేసి గుర్తులు పెట్టుకున్నాం. ఒక ముడి ఎరుపు, రెండు పసుపు, మూడు ఆకుపచ్చ, ముడి పక్కన చిన్న అడ్డకుట్టు ఉంటే ముదురు. ఉతికినా ఊడని చోట, నడుముపట్టీ లోపల కుట్టాలి.

ఇలాంటి పని చేసేవాళ్లకు

ఈ పద్ధతి పుట్టుకతో చూపు లేనివాళ్లకు. మధ్యలో చూపు పోయినవాళ్లకి రంగుల జ్ఞాపకం ఉంటే ఈ గ్లాసులూ గుడ్డలూ అక్కర్లేదు. "మీ పెరటి బంతిపూల రంగు, కొంచెం ముదురు" అంటే చాలు. బంతిపూలు గుర్తున్నాయో లేదో ముందు అడగాలి, అంతే.

ఇంట్లోవాళ్లు, బడివాళ్లు తలా ఒక పోలిక చెబుతుంటే చిక్కు పెరుగుతుంది. ఈ కేసులో నేను అందరినీ కోరింది ఒకటే. "ఎరుపు అంటే" అని మొదలుపెట్టొద్దు, "ఎర్రటివి ఏవేవంటే" అని మొదలుపెట్టండి.

ఇంకా కుదరనివి ఉన్నాయి. మెరుపు, పారదర్శకత ఎలా చెప్పాలో ఇంకా వెతుకుతున్నాను. గాజు గట్టిగా చేతికి తగులుతుంది, అయినా దాని అవతల ఉన్నది కనిపిస్తుందంటే పాపకి నమ్మకం కుదరలేదు. బడిలో ఇంద్రధనుస్సు పాఠం వచ్చింది. ఏడు రంగులూ ఒడియాలోనూ తెలుగులోనూ వరసగా చెప్పేస్తుంది గాని, "ఎరుపు పక్కన నారింజ ఎందుకు, నీలం ఎందుకు కాదు?" అని అడుగుతోంది. గ్లాసుల వరస అక్కడ పనికిరాదు, అది ముదురు లేతల వరస కాదు కాబట్టి. ప్రస్తుతం హార్మోనియం మెట్లతో ప్రయత్నిస్తున్నాం. పక్కపక్క స్వరాలు వరసలో దగ్గర, దూరపువి దూరం, అన్నంతవరకే. ఏ స్వరాన్నీ ఏ రంగు పేరుతోనూ పిలవడం లేదు, వాయించిన ప్రతిసారీ మొదటి మెట్టు మారుస్తున్నాం.